ఇందుమతి ఖానావళికి డాక్టరమ్మ జవాబు

సాంగ్లీలో గణపతి పేట వెనక సందులో డాక్టర్ హేమాంగీ కేత్కర్ క్లినిక్ కనిపెట్టాలంటే ముందు జెరాక్సు దుకాణం బోర్డు కనిపెట్టాలి. దాని కిందే ఈవిడ బోర్డు. పేరు, చదువు, చర్మవ్యాధుల డాక్టరన్న మాట, చూసే వేళలు. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ లేదు. మిరజ్ కాలేజీలో ఆమెకు పాఠం చెప్పిన ఫాటక్ సారు ఒకప్పుడు అన్నారట, బోర్డు రోగికి దారి చూపాలి గాని రోగిని చెయ్యి పట్టుకుని లాగకూడదని. ఆ మాట పట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడ అదే బోర్డుతో నెట్టుకొచ్చింది. రంగు వెలిసినప్పుడల్లా మళ్ళీ రంగు వేయించింది తప్ప ఒక్క అంగుళం పెంచలేదు.

మనిషి మంచిదే, కాని నోరు కొంచెం కటువు. బజార్లో ఎవరో చెప్పారని ముఖానికి ఏ ట్యూబు పడితే ఆ ట్యూబు రాసుకుని వచ్చిన వాళ్ళను చూస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోతుంది. ముందు తిడుతుంది, తరవాత చూస్తుంది, చివర్లో ఫీజు తీసుకోవడం మర్చిపోతుంది. సాంగ్లీ వాళ్ళకు ఈ వరస అలవాటే. తిట్లు తినందే మందు పనిచెయ్యదని నమ్మే ముసలివాళ్ళు కూడా ఉన్నారు.

అలాంటి క్లినిక్‌కి ఒక ఏడాది కొత్త రకం ప్రశ్న రావడం మొదలైంది. "మేడమ్, మీ వీడియోలు ఎక్కడున్నాయి?" అని. మిరజ్ రోడ్డు మీద అద్దాల మేడలో కొత్త చర్మ క్లినిక్ తెరిచారు. అక్కడి డాక్టరు రోజూ ఫోనులో కనిపిస్తాడు, నవ్వుతాడు, ముఖాలు ముందు ఎలా ఉండేవో తరవాత ఎలా అయ్యాయో పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. ఒక రోజు పెళ్ళి కుదిరిన పిల్ల ఒకతె హేమాంగీ ఎదుట కూర్చుని, "మీరు మంచి డాక్టరేనా? ఫోనులో వెతికితే ఏమీ కనిపించలేదు" అని మర్యాదగానే అడిగింది.  ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న హేమాంగీని ఎవరూ ముఖం మీద అడగలేదు, తనకు తాను కూడా వేసుకోలేదు.

ఆ సాయంత్రమే ముఖమంతా ఎర్రగా కమిలిపోయిన ఒక అబ్బాయి వచ్చాడు. తెల్లబడతావని మందుల షాపువాడు ఇచ్చిన ట్యూబులో స్టెరాయిడ్ ఉంది. నెలల తరబడి రాశాడు. వాణ్ణి పంపించాక హేమాంగీ కోపం చల్లారక, ఖాళీ గదిలో ఫోను నిలబెట్టి, అలాంటి ట్యూబొకటి పేరు కనపడకుండా కాగితం చుట్టి చేత్తో పట్టుకుని, అది చర్మాన్ని ఎలా పలచన చేస్తుందో, మానేస్తే ఎందుకు మంట పుడుతుందో, డాక్టరు చీటీ లేకుండా ఎందుకు కొనకూడదో తిట్టినట్టే చెప్పింది. అబ్బాయి ఊసు ఎత్తలేదు. నా దగ్గరికి రండి అనలేదు. మీకు దగ్గర్లో ఉన్న చర్మ డాక్టరుకు చూపించుకోండి అని ముగించి, ఆ వీడియో అందరికీ కనిపించేలా పెట్టేసింది.

వారం తిరక్కుండా పసుపు మార్కెట్లో హమాలీలు కూడా ఆవిణ్ణి గుర్తుపట్టారు. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ సంచీలో వేసుకొచ్చి "ఇందులో విషమేది?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. హేమాంగీకి అయోమయంగా ఉంది. ఇన్నేళ్ళు ఇదే మాట గదిలో చెబితే చెవిన పెట్టనివాళ్ళు ఫోనులోంచి చెబితే వేదంలా వింటున్నారు. తను మారలేదు, మాట మారలేదు. మరి మారింది ఏమిటి?

ఈ సంబరంలోకి నిరంజన్ ఖాస్నీస్ దిగాడు. కొల్హాపూర్‌లో ఒక పెద్ద హోటలుకు ఫోన్లలో పేరు తెచ్చిపెట్టినవాడు. హేమాంగీ వాళ్ళ పాత ఇంటి పొరుగువాడు కనక ఆవిణ్ణి చనువుగా తాయీ, అంటే అక్కా, అంటాడు.

"తాయీ, నువ్వు ఇప్పుడొక బ్రాండువి. దాన్ని ఇలా గాలికి వదిలెయ్యకూడదు" అన్నాడు, టీలో బిస్కెట్టు ముంచుతూ.

"నేను డాక్టర్ని. బ్రాండు సబ్బుకి ఉంటుంది."

"సరే, పేరు అనుకో. ముందూ తరవాతా ఫోటోలు పెడదాం."

"కుదరదు. రోగి ముఖం చూపించి రోగుల్ని పిలవకూడదు."

"ముఖం చెరిపేద్దాం."

"ఇది సాంగ్లీరా. మెడలో గొలుసు చూసి ఎవరి కోడలో చెప్తారు. వద్దు."

"నయమైనవాళ్ళ చేత రెండు మాటలు చెప్పిద్దాం."

"అదీ వద్దు. నా గదిలోంచి వెళ్ళేవాడు నన్ను పొగడక ఏం చేస్తాడు? మళ్ళీ నాతో పని పడుతుందని భయం ఉండదూ?"

"దీపావళికి ఫీజు తగ్గింపు?"

"లేచి వెళ్తావా?"

నిరంజన్ బిస్కెట్టు టీలో మునిగిపోయింది. వాడు నీరసంగా కప్పులోకి చూసి, "హోటలువాడికి ఇంత నీతి లేదు తాయీ, హాయిగా ఉండేది. సరే, ఒక్కటి చెప్తాను, దానికి కూడా తప్పు పట్టకు. గూగుల్లో నీ క్లినిక్ పేరు కింద జనం నాలుగు మాటలు రాస్తున్నారు. మనం అడక్కుండా వాళ్ళంతట వాళ్ళే. ఒక్కదానికైనా నువ్వు జవాబివ్వలేదు. అది పొగరులా కనిపిస్తుంది" అన్నాడు.

ఈ మాట హేమాంగీకి సూటిగా తగిలింది. ఇంటికొచ్చి మంచి మాట చెప్పినవాళ్ళకు మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపినట్టు అనిపించింది. దీంట్లో ప్రకటన లేదు, ఫోటో లేదు, పిలుపు లేదు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

నిరంజన్ హోటలుకు రాసిన జవాబులు చూపించాడు. పేరు పెట్టి పలకరించాలి, వాళ్ళు ఏం తిన్నారో గుర్తుచెయ్యాలి, మళ్ళీ కలుద్దామనాలి. 'సంభాజీరావ్ గారూ, మా ఎర్ర రసం మీకు నచ్చినందుకు సంతోషం' అన్న రకం. అలా అయితే ఏదో యంత్రం రాసిందని కాక మనిషి రాసినట్టుంటుందని వాడి సిద్ధాంతం. హేమాంగీకి అది నిజంగా నచ్చింది. ఒకటే షరతు పెట్టింది, ఇవి తనే రాస్తుంది, వాడి చెయ్యి పడకూడదు. తన పేరు కింద తన మాటే ఉండాలి. నీతిగానే ఉండాలని పెట్టిన షరతు అది. వాడి చేతికిచ్చినా బాగుండేది, వాడికి రోగుల సంగతులు తెలియవు కనక పొల్లు మాటలు రాసి ఊరుకునేవాడు.

అప్పటినుంచి సాయంత్రం టీ వేళ ఆవిడకు అదొక సరదా అయింది. క్లినిక్‌లో తిట్టే నోరు ఇక్కడ తేనె పలికింది. ఒకరికి తామర తగ్గినందుకు అభినందనలు చెప్పింది. ఒకాయన జుట్టు నిలిచినందుకు సంతోషించింది. ఒకావిడకు, మీ ఆయన్ని కూడా మందు మానవద్దనండి అని గుర్తుచేసింది. రసం బాగుందా, పులుసు బాగుందా అని అడిగే హోటలు పద్ధతి జబ్బుల మీదికి ఎక్కిందని ఆవిడకు తట్టలేదు. ఆవిడకే కాదు, చదివి ముచ్చటపడిన సాటి డాక్టర్లకు కూడా తట్టలేదు.

ఇంజినీరింగు కాలేజీ వెనక ఇందుమతి లోహార్‌ది నెలవారీ భోజనాల ఖానావళి. రెండు పూటలా కుర్రాళ్ళు బారులు కట్టి కూర్చుంటారు. అందరికీ ఆవిడ ఇందూ మావశీ, అంటే పిన్ని. జొన్న రొట్టె, అక్కడి మాటలో భాకరీ, పీట మీద కాదు, అరచేతుల్లో తట్టి నేరుగా పెనం మీద వేస్తుంది. ఖానావళి పేరంతా ఆ చేతి తట్టులోనే ఉంది. ఆ అరచేతులే రెండేళ్ళ కిందట మందంగా పొలుసులు కట్టి, పగిలి, పిండి తడి తగిలితే ప్రాణం పోయేంత బాధ పెట్టాయి. హేమాంగీ చూసి సోరియాసిస్ అని చెప్పింది. అంటుకునేది కాదని, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనని, అదుపులో పెట్టవచ్చని చెప్పింది. పూత మందు, వారానికొక మాత్ర, మధ్యమధ్య రక్త పరీక్ష. భాకరీలు తట్టే పని అన్నాళ్ళూ ఇందుమతి ఆడబిడ్డకు అప్పగించి, కుర్రాళ్ళతో చెయ్యి బెణికిందని చెప్పింది. చేతులు మెల్లగా దారిలోకొచ్చాయి. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, డాక్టరుకీ ఆవిడకీ. ఆడబిడ్డకు కూడా బెణుకనే చెప్పింది.

ఆ జవాబుల రోజుల్లోనే ఒకనాడు ఇందుమతికి డాక్టరమ్మ మీద ప్రేమ పొంగి, ఫోనులో అయిదు నక్షత్రాలు నొక్కి రెండు ముక్కలు రాసింది. 'డాక్టర్ బాయి మంచివారు. కోప్పడతారు కాని నిదానంగా వింటారు.' చేతుల మాట లేదు, జబ్బు మాట లేదు. కాని ఆవిడ ఫోనులో ఉన్న ఖాతా ఖానావళి కోసం తెరిచింది. కనక రాసినవారి పేరు ఇందుమతి ఖానావళి అని పడింది.

హేమాంగీ దాన్ని చూసి ముఖం విప్పార్చుకుని, అందరికంటే ఎక్కువ ప్రేమగా జవాబు రాసింది. 'ధన్యవాదాలు ఇందూతాయీ. మీ అరచేతుల సోరియాసిస్ అదుపులోకి వచ్చి మళ్ళీ భాకరీలు తట్టగలుగుతున్నందుకు నాకెంతో ఆనందం. వారం మాత్ర మాత్రం మానకండి.'

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది పెదవి కూడా దాటలేదు, వేలి కొస దాటింది.

నాలుగు రోజుల తరవాత ఇందుమతి క్లినిక్‌కి వచ్చింది. తన వంతు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చుంది. చేతులకు రబ్బరు తొడుగులు ఉన్నాయి.

"ఏమైంది, మళ్ళీ పగిలాయా? తియ్యండి చూస్తాను" అంది హేమాంగీ.

ఇందుమతి తియ్యలేదు. "పగల్లేదు మేడమ్. కుర్రాళ్ళు వేసుకోమన్నారు. వేసుకుంటేనే తింటామన్నారు. తొడుగులతో భాకరీ తడితే పిండి అంటుకుని చిరిగిపోతుంది. అవి వేసుకుని తట్టినా సగంమంది రావడం లేదు" అంది.

"ఎందుకు?"

"మీరు రాసింది కాలేజీ గ్రూపులో తిరుగుతోంది."

హేమాంగీకి వెంటనే అర్థం కాలేదు. తను ఏం రాసింది? మంచే కదా రాసింది. ఫోను తీసి తన జవాబు తనే చదువుకుంది. మొదటిసారి చదివినప్పుడు ప్రేమ కనిపించింది. రెండోసారి చదివితే పేరు, చోటు, జబ్బు, మందు కనిపించాయి. ఫోను బల్ల మీద పెట్టేసింది.

"నేను మంచిగానే... " అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"మంచిగానే రాశారు" అంది ఇందుమతి. "నేను మీ గదిలో తలుపు మూసి చెప్పాను మేడమ్. నా ఆడబిడ్డకి కూడా చెప్పలేదు. మీరు ఊరికి చెప్పారు."

కోపంగా అని ఉంటే హేమాంగీ తట్టుకునేది. కోపం ఆవిడకు తెలిసిన భాష. ఇందుమతి మామూలుగా చెప్పి, మందు చీటీ కూడా అడక్కుండా లేచి వెళ్ళిపోయింది.

ఆ జవాబు చెరపడానికి ఎంతో సేపు పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దాని బొమ్మ అప్పటికే కుర్రాళ్ళ ఫోన్లలో ఉంది. ఇక మిగతా జవాబులు హేమాంగీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. తామర ఉన్నాయన పేరుతో సహా ఉన్నాడు. జుట్టు ఊడినాయన ఉన్నాడు. మీ ఆయన్ని కూడా మందు మానవద్దనండి అన్న దాంట్లో ఆ ఆయన కూడా ఉన్నాడు, పాపం, ఆయన ఏమీ రాయను కూడా రాయలేదు. అన్నీ తుడిచేసింది. పొగిడినవాళ్ళ జబ్బులు చెప్పడం తప్పని ఎవరూ చెప్పలేదే అనుకుంది. తిట్టినవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలని మాత్రం అందరికీ తెలుసు. తిట్టు రాసినవాడికి జవాబుగా, నువ్వు మందు సరిగా వాడలేదు అని రాయకూడదని తనే ఒకసారి కుర్ర డాక్టర్లకు చెప్పింది. పొగడ్త దగ్గరికొచ్చేసరికి కాపలా పడుకుంది.

నిరంజన్ వచ్చి విన్నాడు. వాడు కూడా తెల్లబోయాడు, కాని కాసేపే.

"దీన్ని తిప్పెయ్యొచ్చు తాయీ. నువ్వు ఖానావళికి వెళ్ళు, ఆవిడ చేతి భాకరీ తిను, నేను వీడియో తీస్తాను. అంటుకోదు, భయపడకండి అని నువ్వే చెప్పు. రాత్రికి ఊరంతా చూస్తుంది."

"అంటే ఆవిడకు జబ్బుందని ఈసారి వీడియోలో చెప్పమంటావు."

"ఇప్పటికే తెలుసు కదా."

"తెలిస్తే? ఒకసారి చెప్పిన తప్పు రెండోసారి చెబితే ఒప్పవుతుందా?"

"మరి ఊరుకుంటే ఆవిడ ఖానావళి మూతపడుతుంది."

అదే చిక్కు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిజం చెప్పి కాపాడదామంటే రహస్యం మళ్ళీ విప్పాలి. రహస్యం దాచుదామంటే అంటుకుంటుందన్న అబద్ధమే ఊళ్ళో తిరుగుతుంది. ఆవిడ ఒప్పుకుంటే చెప్పవచ్చా అంటే, తిండి పోయే భయంలో ఉన్న మనిషి ఒప్పుకోలు ఒప్పుకోలేనా? అందులోనూ ఆ భయం పెట్టింది తనే.

ఫాటక్ సారుకు ఫోను చేసింది. ఆయనకు చెవుడు ముదిరింది, కథంతా రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. విని ఆయన, "మా కాలంలో ఊరెళ్తే 'డాక్టరు ఊళ్ళో లేరు' అని పేపర్లో వెయ్యనిచ్చేవాళ్ళు, తిరిగొస్తే 'వచ్చారు' అని వెయ్యనిచ్చేవాళ్ళు. అంతకుమించి డాక్టరుకు బయట నోరుండేది కాదు. ఇప్పుడు నోరిచ్చారు, ఏం మాట్లాడాలో చెప్పలేదు. నాకు తెలిసింది ఒక్కటేనమ్మా. ఫలానా మనిషి నా రోగి అన్నదే రహస్యం. జబ్బు దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ధన్యవాదాలు అని రాసి ఊరుకోవాల్సింది. అది కూడా పేరు లేకుండా" అన్నారు.

"ఇప్పుడేం చెయ్యను సార్?"

"అది నన్నెందుకు అడుగుతావు? ఎవరికి నష్టమైందో వాళ్ళనడుగు."

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ మూసి హేమాంగీ ఖానావళికి వెళ్ళింది. నిరంజన్‌ని రావద్దంది, ఫోను సంచీలోంచి తియ్యలేదు. బల్లలు సగం ఖాళీగా ఉన్నాయి. ఇందుమతి పొయ్యి దగ్గర తొడుగులతో కుస్తీ పడుతోంది. భాకరీ మధ్యలో చిరిగితే మళ్ళీ ముద్ద చేసి మొదలుపెడుతోంది.

"ఇందూతాయీ, తప్పు నాది. క్షమించమనడానికి వచ్చాను" అంది హేమాంగీ, నిలబడే. "దీన్ని సరిచెయ్యడానికి నేనేం చెయ్యాలో మీరు చెప్పండి. మీరు వద్దన్నది చెయ్యను."

ఇందుమతి ఆవిణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. "అన్నం తిన్నారా?"

"లేదు."

"అయితే కూర్చోండి. క్షమాపణ ఖాళీ కడుపుతో చెబితే అతకదు." తరవాత తొడుగులు ఊడదీసి పొయ్యి పక్కన పడేసి, చేతులు కడుక్కుని, పిండి తీసుకుంది.

బల్లల దగ్గర గుసగుస మొదలైంది. ట్యూబు డాక్టర్రా, ఆవిడేరా అని. ఒకడు ఫోను పైకెత్తాడు. ఇందుమతి గరిటె చూపించింది. "ఫోను లోపల పెట్టు. తీస్తే నీకు పిఠ్లా కూర ఉండదు." వాడు పెట్టేశాడు.

పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు ధైర్యం చేశాడు. "మేడమ్, మావశీకి ఉన్నది మాకు అంటుకుంటుందా?"

"ఎవరికి ఏముందో నేను చెప్పను" అంది హేమాంగీ.

"మీరే కదా రాశారు మేడమ్."

కుర్రాళ్ళు నవ్వారు. హేమాంగీ చెవులు వేడెక్కాయి. "రాయకూడనిది రాశాను. అందుకే ఇప్పుడు చెప్పను. మనిషి గురించి అడిగితే చెప్పను, జబ్బు గురించి అడుగు, చెప్తాను."

"అయితే సోరియాసిస్ అంటుకుంటుందా?"

"అంటుకోదు. ముట్టుకుంటే రాదు, తింటే రాదు, కలిసి పడుకున్నా రాదు. అది ఒంట్లోపలి లెక్క తప్పడం, క్రిమి కాదు. నీ పక్కవాడి దువ్వెన వాడితే వచ్చేవి వేరే ఉన్నాయి, వాటికి భయపడు."

"అంటే మావశీ మీ దగ్గరికి వస్తుందా మేడమ్?"

"నా దగ్గరికి ఎవరొస్తారో నేను చెప్పను."

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. తలుపు ఊడిపోయిన ఇంటికి తాళం వేస్తున్నట్టు తనకే అనిపించింది. అయినా వేసింది. అంతలో వేడి భాకరీ కంచంలో పడింది, నిండు గుండ్రంగా, ఎక్కడా చిరగకుండా. పక్కన పచ్చిమిర్చి దంచిన ఠేచా. హేమాంగీ తుంచి తినసాగింది.  పొడుగు కుర్రాడు తన కంచం జరిపి, "మావశీ, నాకూ ఒకటి, తొడుగు లేనిది" అన్నాడు.

తిని లేచాక నెల భోజనం కట్టినవాళ్ళలాగే హేమాంగీ కంచం తనే తీసి తొట్లో వేసింది. ఇందుమతి గుమ్మం దాకా వచ్చింది. "రోజూ రండి, వద్దనను. కాని మీ ఫోనులో నా ఖానావళి, నా చేతులు, భాకరీ మాట రాకూడదు. మంచిగా కూడా రాకూడదు." హేమాంగీ సరేనంది.

ఆ వారంలో మూడునాలుగు సార్లు వెళ్ళి తింది. ఇలా అందరి ముందూ కూర్చుని తినడం కూడా ఒక రకం చెప్పడమే కదా, ప్రకటనే కదా అని ప్రతిసారీ అనుమానపడుతూనే తింది. మెల్లగా బల్లలు నిండాయి. అందరూ కాదు. కొందరు వేరే ఖానావళికి కుదురుకుని ఇక రాలేదు. వాళ్ళను పిలవడానికి ఏ మాటా లేదు.

తరవాత హేమాంగీ ఒక వీడియో చేసింది. చెయ్యాలా వద్దా అని చాలా కొట్టుకుంది. ఊరుకుంటే మిగతా డాక్టర్లు ఇదే తప్పు చేస్తారు, చెబితే తప్పు ఒప్పుకున్న గొప్పదాన్నని చెప్పుకున్నట్టవుతుంది. చివరికి కెమెరా ముందు కూర్చుని, ఖానావళి మాట, చేతుల మాట, భాకరీ మాట ఏదీ రాకుండా, రెండు ముక్కలే చెప్పింది. 'నన్ను మెచ్చుకుంటూ రాసినవాళ్ళకు జవాబిస్తూ వాళ్ళ జబ్బుల సంగతి బయటపెట్టాను. అవి తీసేశాను. ఇకమీదట ఎవరేం రాసినా వాళ్ళు నా దగ్గరికి వచ్చారో లేదో కూడా నేను చెప్పను. మీ సంగతి అలా రాసి ఉంటే నా గదికి వచ్చి నన్ను నిలదియ్యండి.'

నిలదియ్యడానికి ఇద్దరు వచ్చారు. తామర ఆయన అరిచి వెళ్ళాడు, ఆయనకు ఆ హక్కు ఉంది. కాని ఆ వీడియో ట్యూబు వీడియో కంటే ఎక్కువ తిరిగింది. పూనా నుంచి, బెళగావి నుంచి జనం రావడం మొదలైంది. "తప్పు ఒప్పుకున్న డాక్టర్ని ఎక్కడా చూడలేదు మేడమ్, అందుకే మీ మీద నమ్మకం" అంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. నిరంజన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "డబ్బు పెట్టినా రాని పేరు తాయీ ఇది" అన్నాడు. హేమాంగీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నమ్మకం పోగొట్టుకున్న చోటే నమ్మకం పుట్టలు పుట్టలుగా పెరుగుతోంది. ఇది ఏ నీతి పుస్తకంలో ఉంది? తను సంపాదించిందా, దొంగిలించిందా?

ఎవరైనా నక్షత్రాలు నొక్కితే ఇప్పుడు ఆవిడ జవాబు అందరికీ ఒకటే. 'మీ మాటకు ధన్యవాదాలు.' నిరంజన్ దాన్ని చూసి యంత్రం రాసినట్టుందని బాధపడ్డాడు. ఉండనీ అంది.

ఒక సాయంత్రం భోజనానికి కాదు, ఊరికే, ఖానావళి వైపు వెళ్ళింది. ఇందుమతి భాకరీలు తడుతోంది. చప్పుడు సందు చివరికి వినిపిస్తోంది. అరచేతుల అంచుల్లో కొంచెం ఎరుపు కనిపించింది. హేమాంగీ డాక్టరు కన్ను అటే పోయింది.

"ఇందూతాయీ, మాత్ర వాడుతున్నారా? రక్త పరీక్ష వేళ దాటిపోయి ఉంటుంది. రేపు రండి, వరసలో కూర్చోవద్దు" అంది గొంతు తగ్గించి.

ఇందుమతి పెనం మీద భాకరీ తిప్పి, చీరకు చేతులు తుడుచుకుంది. "పరీక్ష అయింది మేడమ్. మిరజ్‌లో పెద్దాసుపత్రిలో చూపించుకుంటున్నాను. ఇంటినుంచి రెండు బస్సులు. వరసలో పొద్దంతా కూర్చోవాలి. అక్కడ డాక్టరు నా ముఖం కూడా సరిగా చూడడు."

"అక్కడికెందుకు?"

"నా పేరు కూడా గుర్తుండదు ఆయనకి" అంది ఇందుమతి. కోపం లేదు. ఒక భాకరీ తీసి ఆకులో చుట్టి హేమాంగీ చేతిలో పెట్టింది. "తినడానికి మీరు ఎప్పుడైనా రండి. నేను వద్దన్నానా?"

హేమాంగీ క్లినిక్‌కి తిరిగొచ్చింది. బయట బల్ల నిండా జనం, పూనా వాళ్ళు, బెళగావి వాళ్ళు. లోపల కూర్చుని ఫోను తీసి చూసింది. ఇందుమతి ఖానావళి రాసింది అలాగే ఉంది. తియ్యలేదు. డాక్టర్ బాయి మంచివారు, కోప్పడతారు కాని నిదానంగా వింటారు. అయిదు నక్షత్రాలు. దాని కింద మీ మాటకు ధన్యవాదాలు అని రాద్దామని వేలు పెట్టింది. వేలు తీసేసి, మొదటి రోగిని లోపలికి పిలిచింది.